లెక్కకు రాని దొంగతనాలు: పోయిన ఫోన్లు, పోలీసు గణాంకాలు, బాధితుల సర్వేలు

ఏటా డిసెంబరు చివరి వారంలో మన నగర పోలీసు కమిషనర్లు వార్షిక నివేదికలు విడుదల చేస్తారు. మరునాడు పత్రికల్లో నేరాలు ఇంత శాతం తగ్గాయనో, అంత శాతం పెరిగాయనో శీర్షికలు వస్తాయి. తగ్గితే పోలీసులను అభినందిస్తాం, పెరిగితే నిలదీస్తాం. ఈ రెండు స్పందనలకూ ఆ శాతాలు ఆధారం కాలేవని నా వాదన. ఆ వాదనను నగరంలో దాదాపు ప్రతి కుటుంబానికీ ఏదో ఒక రూపంలో అనుభవమైన చిన్న నేరం, అంటే సెల్‌ఫోన్ దొంగతనం, ఆధారంగా వివరిస్తాను. హత్యల గురించి మాట్లాడితే ఈ విషయం అర్థం కాదు, ఎందుకంటే శవాన్ని దాచడం కష్టం కాబట్టి హత్యల లెక్క వాస్తవానికి చాలావరకు దగ్గరగానే ఉంటుంది. ఫోను సంగతి అలా కాదు.

జరిగినా అధికారిక లెక్కల్లోకి రాని నేరాల మొత్తాన్ని నేరశాస్త్రంలో డార్క్ ఫిగర్ అంటారు. ఇది కొత్త ఆలోచన కాదు. పంతొమ్మిదో శతాబ్దం తొలి భాగంలోనే బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే ఈ సమస్యను గుర్తించాడు. తెలిసిన నేరాలకూ, తెలియకుండా పోయిన నేరాలకూ మధ్య నిష్పత్తి దాదాపు స్థిరంగా ఉంటుందని అనుకుంటే తప్ప నేర గణాంకాలతో ఏ నిర్ధారణకూ రాలేమని ఆయన చెప్పాడు. మొత్తం ఎంతో తెలియకపోయినా, ప్రతి ఏడూ అందులో పదో వంతే మనకు కనబడుతుందని తెలిస్తే, ఆ పదో వంతు పెరిగినప్పుడు మొత్తం కూడా పెరిగిందని అనుకోవచ్చు. మన డిసెంబరు శీర్షికలన్నీ, రాసేవారికి తెలిసినా తెలియకపోయినా, ఈ ఊహ మీదే నిలబడి ఉన్నాయి. అందుచేత అడగవలసిన ప్రశ్న ఒకటే: హైదరాబాదులో ఆ నిష్పత్తి స్థిరంగా ఉంటోందా?

మా చిన్నాన్న కోఠిలో దిల్‌సుఖ్‌నగర్ బస్సు ఎక్కారు. చాదర్‌ఘాట్ దాటేసరికి చొక్కా జేబులో ఫోన్ లేదు. ఎక్కేటప్పుడు తలుపు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు అడ్డంగా నిలబడి తోసుకున్నారని ఆయనకు గుర్తుంది. అంటే అది దొంగతనమేనని ఆయన నమ్మకం, కానీ తీస్తుండగా చూడలేదు. ఇద్దరం కలిసి పోలీసు స్టేషనుకు వెళ్లాం. ఏ స్టేషనో ఇక్కడ అనవసరం. అక్కడి హెడ్ కానిస్టేబుల్ మర్యాదస్తుడు, మా మాట ఓపికగా విన్నాడు. పిటిషన్ చదివి, "పెద్దాయనా, దొంగతనమని రాస్తే ఎఫ్‌ఐఆర్ చెయ్యాలె, రేపు మీరు కోర్టు చుట్టూ తిరగాలె. బస్సుల పోయిందని రాసియ్యుండ్రి. సీఈఐఆర్‌ల ఎక్కిస్త. దొరికితె మేమే ఫోన్ చేస్తం" అన్నాడు. చిన్నాన్న ఇంకో కాగితం అడిగి తీసుకుని, ఆయన చెప్పినట్టే రాసి ఇచ్చారు.

ఈ సలహాలో మోసమేమీ లేదు, అందుకే దీని గురించి ఆలోచించాలి. సీఈఐఆర్ అన్నది కేంద్ర టెలికం శాఖ నడిపే రిజిస్టరు. 2023 మే నెలలో అది దేశమంతటా అందుబాటులోకి వచ్చింది. ఫోన్ పోయినవారు పోలీసు ఫిర్యాదు ప్రతినీ, ఆ పరికరానికి ఉండే పదిహేను అంకెల ఐఎంఈఐ సంఖ్యనూ ఇస్తే ఆ పరికరం నెట్‌వర్కుల మీద పనిచేయకుండా ఆపేస్తారు. ఎవరైనా అందులో కొత్త సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. ఇదంతా జరగడానికి ఫోన్ పోయిందన్న ఫిర్యాదు చాలు, ఎఫ్‌ఐఆర్ ఉండాలన్న నియమం లేదు. చిన్నాన్నకు కావలసింది ఫోన్. స్టేషనుకు కావలసింది తేలిగ్గా ముగిసే పని. ఇద్దరి ప్రయోజనమూ ఒకే కాగితంతో నెరవేరింది. ఆ కాగితం వల్ల ఒక దొంగతనం మాత్రం గణాంకాల్లోకి రాకుండా పోయింది.

ఎందుకు రాదంటే, మన దేశంలో నేరాల లెక్క ఎఫ్‌ఐఆర్‌తో మొదలవుతుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ప్రచురించే సంపుటంలో కనిపించే అంకెలు స్టేషన్లలో నమోదైన కేసుల నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీకి చేరినవే. పోయిన వస్తువుల కింద రాసుకున్న ఫిర్యాదు దొంగతనాల గడిలోకి వెళ్లదు. నేరాలు పెరగడం వేరు, పోలీసులు నేరాలను నమోదు చేయడం పెరగడం వేరు అని ఆ బ్యూరోయే తన నివేదికల్లో పాఠకులను హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక మాత్రం శీర్షికల్లోకి రాదు.

శిక్షార్హమైన నేరాన్ని గురించిన సమాచారం అందినప్పుడు, అది వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల తరగతికి చెందినదైతే, ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది. తీర్పు స్పష్టంగానే ఉంది. అయితే స్టేషను మీద పడే ఒత్తిడి మరో దిశలో ఉంది. ఎఫ్‌ఐఆర్ వేస్తే దర్యాప్తు అధికారి పేరు పెట్టాలి, కేసు డైరీ రాయాలి, దొంగ దొరక్కపోతే ఆ సంగతి చెబుతూ కోర్టుకు తుది నివేదిక పంపాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఛేదించిన కేసుల శాతం పడిపోతుంది. ఒక స్టేషను వంద దొంగతనాలు నమోదు చేసి ఇరవై ఛేదించిందనుకుందాం. అది ఇరవై శాతం. పక్క స్టేషనులో అన్నే దొంగతనాలు జరిగినా, దొంగ దొరికే ఆశ ఉన్న ముప్పై మాత్రమే నమోదు చేసి అందులో పద్దెనిమిది ఛేదించిందనుకుందాం. అది అరవై శాతం. మొదటి స్టేషను నిజంగా ఇద్దరు బాధితులకు ఎక్కువ న్యాయం చేసింది, అయినా సమీక్ష సమావేశంలో సమాధానం చెప్పుకోవలసింది ఆ స్టేషను అధికారే. ఈ కొలమానం ఉన్నంతకాలం మంచివాడైన హెడ్ కానిస్టేబుల్ కూడా పోయిందని రాయమనే చెబుతాడు.

ఇప్పుడు బాధితుల సర్వే సంగతి చూద్దాం. ఇందులో పోలీసులను అడగరు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఇళ్లకు వెళ్లి, గత ఏడాది కాలంలో మీ ఇంట్లో ఎవరికైనా ఫలానాది జరిగిందా, జరిగితే పోలీసులకు చెప్పారా, చెబితే వాళ్లేం చేశారు అని అడుగుతారు. అమెరికాలో ఇటువంటి జాతీయ సర్వే 1972లో మొదలైంది, ఇంగ్లండు, వేల్స్‌లలో 1982లో. మన దేశంలో ప్రభుత్వం క్రమం తప్పకుండా చేసే సాధారణ నేర బాధితుల సర్వే లేదు. ఢిల్లీ, ముంబై, బెంగళూరు, చెన్నై నగరాల్లో చేసిన ఒక పెద్ద సర్వే ఫలితాలను ఐడీఎఫ్‌సీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2017లో ప్రచురించింది. దొంగతనం జరిగిందని చెప్పినవారిలో ఎఫ్‌ఐఆర్ దాకా వెళ్లినవారు నాలుగు నగరాల్లోనూ పదో వంతు కూడా లేరని అందులో తేలింది. హైదరాబాదు ఆ జాబితాలో లేదు. మన నగరం ఆ నాలుగింటికన్నా ఎంతో భిన్నంగా ఉంటుందని నమ్మడానికి నాకు కారణమేదీ కనబడలేదు.

ఈ పదో వంతు అన్న అంకెను చేతిలో పెట్టుకుని, ఊహాజనితమైన ఒక లెక్క వేద్దాం. ఒక ప్రాంతంలో ఒక ఏడాదిలో వెయ్యి ఫోన్లు దొంగల పాలయ్యాయనుకోండి. మూడు వందల మంది స్టేషనుకే వెళ్లలేదు. వెళ్లిన ఏడు వందల మందిలో ఆరు వందల ఇరవై మంది ఫోన్ పోయిందని రాసిచ్చి వచ్చారు. ఎనభై మంది పట్టుబట్టి ఎఫ్‌ఐఆర్ చేయించుకున్నారు. మరుసటి ఏడు గస్తీ పెరిగి దొంగతనాలు తొమ్మిది వందలకు తగ్గాయి. అదే సమయంలో కొత్తగా వచ్చిన అధికారి ఎవరు దొంగతనమని చెప్పినా కేసు రాయాలని ఆదేశించడంతో నూట అరవై ఎఫ్‌ఐఆర్‌లు నమోదయ్యాయి. ప్రజలకు జరిగిన నష్టం పది శాతం తగ్గింది, పోలీసు గణాంకం మాత్రం రెట్టింపయింది. ఆ అధికారిని అభినందించవలసిన ఏడాదిలోనే ఆ ప్రాంతంలో దొంగతనాలు రెట్టింపయ్యాయన్న శీర్షిక వస్తుంది. కెట్లే ఊహించిన స్థిరమైన నిష్పత్తి ఇక్కడ ఒక్క మౌఖిక ఆదేశంతో ఎనిమిది శాతం నుంచి దాదాపు పద్దెనిమిది శాతానికి మారిపోయింది.

ఇది నా ఊహ మాత్రమే కాదు, ఇంతకన్నా పెద్ద స్థాయిలో ఇంగ్లండులో జరిగింది. అక్కడి పోలీసు తనిఖీ సంస్థ 2014లో ఫిర్యాదులను నమోదులతో పోల్చి చూసి, ప్రజలు వచ్చి చెప్పిన నేరాల్లోనే సుమారు పందొమ్మిది శాతం పుస్తకాల్లోకి ఎక్కడం లేదని తేల్చింది. ఆ ఏడాది జనవరిలోనే అక్కడి గణాంక ప్రాధికార సంస్థ పోలీసు నేర గణాంకాలకు ఉన్న జాతీయ గణాంకాల హోదాను తొలగించింది. ఆ తర్వాత నమోదు మెరుగుపడిన కొద్దీ పోలీసు లెక్కల్లో హింసాత్మక నేరాలు వేగంగా పెరిగాయి. బాధితుల సర్వే మాత్రం అటువంటి పెరుగుదల చూపలేదు. అక్కడ రెండు లెక్కలూ ఉన్నాయి కాబట్టి పెరిగింది నేరమా, నమోదా అని అడగగలిగారు. మన దగ్గర రెండో లెక్క లేదు కాబట్టి అడిగే వీలే లేదు.

మన నగరంలో ఈ నిష్పత్తిని కదిపిన సంఘటనలు ఈ మధ్యకాలంలోనే రెండున్నాయి. మొదటిది సీఈఐఆర్. కేసు లేకుండానే ఫోన్ తిరిగి దొరికే దారి ఏర్పడింది కాబట్టి స్టేషనుకు వెళ్లేవారు పెరిగి ఉంటారు, ఎఫ్‌ఐఆర్ కోసం పట్టుబట్టేవారు తగ్గి ఉంటారు. రెండోది కొత్త చట్టాలు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. దానితోపాటు వచ్చిన విధాన సంహిత ప్రకారం, ఐదు వేల రూపాయలకన్నా తక్కువ విలువగల వస్తువు దొంగతనం విషయంలో పోలీసులు మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా దర్యాప్తు చేయలేరు. అటువంటి ఫిర్యాదుకు ఎఫ్‌ఐఆర్ ఉండదు, విడిగా ఉండే పుస్తకంలో ఒక నమోదు మాత్రమే ఉంటుంది. పన్నెండు వేలకు కొని మూడేళ్లు వాడిన ఫోన్ విలువ ఇవాళ ఎంత? దాన్ని నిర్ణయించేది కౌంటరు దగ్గర కూర్చున్న వ్యక్తి. పైగా లాక్కుని పారిపోవడాన్ని స్నాచింగ్ పేరుతో కొత్త చట్టం 304వ సెక్షన్ కింద విడి నేరంగా చేసింది. కాబట్టి 2023 నాటి దొంగతనాల సంఖ్యనూ, 2025 నాటి సంఖ్యనూ పక్కపక్కన పెట్టి శాతం తీయడం అర్థంలేని పని.

ఇంతవరకు చదివినవారు, అయితే సర్వేయే నిజమని, పోలీసుల లెక్క అబద్ధమని నేను చెబుతున్నానని అనుకోవచ్చు. అది నా అభిప్రాయం కాదు. ఈ విషయంలో మన సామాజిక కార్యకర్తలు కొందరు సర్వేల మీద పెట్టుకుంటున్న నమ్మకం కూడా నాకు ఆందోళన కలిగిస్తుంది. అమీర్‌పేటలోని ఒక హాస్టల్ గదిని తీసుకోండి. కోచింగు కోసం వచ్చిన ఆరుగురు అబ్బాయిలు ఆ గదిలో ఉంటారు. ఉక్కపోతకు తలుపు తెరిచి పడుకున్న రాత్రి నాలుగు ఫోన్లు పోయాయి. నలుగురూ కలిసి వెళ్లి ఒకే ఫిర్యాదు ఇచ్చారు, ఈసారి ఎఫ్‌ఐఆర్ కూడా అయింది. పోలీసుల లెక్కలో ఇది ఒక దొంగతనం, ఎందుకంటే వారు లెక్కపెట్టేది కేసులను. సర్వే మనుషులను లెక్కపెడుతుంది కాబట్టి అందులో ఇది నలుగురు బాధితులు కావాలి. కానీ సర్వే బృందం తిరిగేది కుటుంబాలుండే ఇళ్లకు. హాస్టల్ సాధారణంగా ఆ ఇళ్ల జాబితాలోనే ఉండదు. ఆ అబ్బాయిల స్వగ్రామంలో తల్లిదండ్రులను అడిగితే, కొడుకు ఇప్పుడు ఇక్కడ ఉండడం లేదని చెబుతారు. ఒక లెక్కలో నాలుగు ఒకటి అయింది, రెండో లెక్కలో సున్నా అయింది. రెండింటిలోనూ ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఆ దొంగ మేలుకున్న అబ్బాయిని కత్తితో గాయపరిచి ఉంటే ఆ సంఘటన దొంగతనాల గడిలోంచే వెళ్లిపోయేది. ఒకే కేసులో అనేక నేరాలున్నప్పుడు అన్నిటికన్నా తీవ్రమైనదాన్ని మాత్రమే బ్యూరో లెక్కలోకి తీసుకుంటుంది.

హద్దుల సమస్య కూడా ఇటువంటిదే. వరంగల్ నుంచి వచ్చిన ప్రయాణికుడి ఫోన్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో పోతే అది నగర పోలీసుల పరిధిలోని నేరం, కానీ హైదరాబాదు ఇళ్లలో చేసే సర్వేకు ఆయన దొరకడు. మన మలక్‌పేట కుటుంబం యాదగిరిగుట్టలో ఫోన్ పోగొట్టుకుంటే సర్వేకు దొరుకుతుంది, నగర పోలీసుల లెక్కకు దొరకదు. సికింద్రాబాదులో రైలు పెట్టెలో పోతే అది రైల్వే పోలీసుల ఖాతా. ప్రయాణాలు ఎక్కువగా చేసే నగరంలో ఈ తేడాలు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయని ముందే అనుకోవడానికి వీల్లేదు.

ఇక జ్ఞాపకం విషయం. 1970ల మొదట్లో అమెరికాలోని శాన్‌హోసేలో ఒక చక్కని పరీక్ష చేశారు. పోలీసు రికార్డుల్లో బాధితులుగా ఉన్నవారి దగ్గరకే, ఆ సంగతి చెప్పకుండా, సర్వే బృందాన్ని పంపారు. ఇళ్లలో చొరబడి చేసిన దొంగతనాలను పదింట తొమ్మిది మంది చెప్పారు. దాడికి గురైనవారిలో మాత్రం సగం మంది కూడా చెప్పలేదు. హింసాత్మక నేరాలన్నిటినీ కలిపి చూస్తే, నేరం చేసినది అపరిచితుడైతే నాలుగింట సుమారు మూడు వంతుల మంది చెప్పారు, బంధువైతే నాలుగో వంతు కూడా చెప్పలేదు. పోలీసు పుస్తకంలో ఉన్న నేరమే సర్వేలో మాయమైందన్న మాట. అంటే సర్వేకు కూడా తనదైన చీకటి ఉంది, అది నేరస్థుడు ఇంటికి ఎంత దగ్గరివాడైతే అంత చిక్కబడుతుంది. ఫోన్ దొంగతనం ఎక్కువగా అపరిచితుల పని కాబట్టి దానికి సర్వే బాగా పనికివస్తుంది. భర్త కొట్టడం గురించి అదే ప్రశ్నావళితో, అత్తగారు పక్కన కూర్చుని వింటుండగా, గుమ్మం దగ్గర అడిగితే వచ్చే సమాధానానికి విలువ లేదు.

మరపుకు వ్యతిరేకమైన తప్పు కూడా జరుగుతుంది. ఫోన్ పోవడం వంటి బాధ కలిగించిన సంఘటన జరిగి ఏడాదిన్నర అయినా నిన్నమొన్నటిదిగా అనిపిస్తుంది, గత పన్నెండు నెలల్లో జరిగిందా అని అడిగితే అవునని చెబుతారు. అమెరికా సర్వేలో దీన్ని అదుపు చేయడానికి అవే ఇళ్లకు ఆరు నెలలకొకసారి వెళ్లి, ముందుసారి చెప్పినదాన్ని మళ్లీ లెక్కించకుండా సరిచూసుకునే పద్ధతి పెట్టారు. మన దగ్గర అంత ఖర్చు పెట్టలేకపోయినా, తేదీలు అడిగే బదులు పోయిన బతుకమ్మకు ముందా, తరువాతా, ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి ఆ ఫోన్ మీ దగ్గరే ఉందా అని పండుగలను ఆనవాలుగా పెట్టి అడగవచ్చు. కొత్త ఫోన్ కొన్న రసీదు చూపమంటే ఇంకా మంచిది, ఎందుకంటే పాతది పోయిన వారం పదిరోజుల్లో కొత్తది కొనని ఇల్లు ఇవాళ అరుదు.

నమూనా పరిమాణం గురించి కూడా నిజాయితీగా మాట్లాడాలి. హైదరాబాదులో ఐదు వేల మందిని సర్వే చేశామనీ, వారిలో రెండు శాతానికి, అంటే వంద మందికి, ఆ ఏడు ఫోన్ దొంగతనం జరిగిందనీ అనుకుందాం. ఇది కూడా ఊహాజనితమైన అంకే. యాదృచ్ఛికతవల్లనే ఈ వంద అన్నది ఎనభైకీ, నూట ఇరవైకీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మరుసటి ఏడు తొంభై వస్తే దొంగతనాలు తగ్గాయని చెప్పలేం. పది శాతం తగ్గుదలను నమ్మకంగా పట్టుకోవాలంటే ఏటా డెబ్బై వేల మందికి పైగా అడగాలి. అప్పుడు కూడా అది నగరం మొత్తానికే, చాదర్‌ఘాట్‌లో ఏం జరిగిందో, ఉప్పల్‌లో ఏం జరిగిందో చెప్పలేదు. స్టేషను స్థాయిలో పోలీసు లెక్కకు ప్రత్యామ్నాయం లేదు. ఫలానా రూటు బస్సుల్లో, ఫలానా సాయంత్రం గంటల్లో దొంగతనాలు ఎక్కువని చెప్పగలిగేది ఫిర్యాదుల పుస్తకమే.

కాబట్టి నేను కోరేది ఒక లెక్కను తీసేసి రెండోదాన్ని పెట్టమని కాదు. నిష్పత్తి ఎలా కదులుతోందో తెలిసేలా రెండూ ఉండాలి. మూడు నాలుగేళ్లకొకసారైనా పోలీసు శాఖకు సంబంధం లేని సంస్థ నగరంలో పెద్ద సర్వే చేసి, ఎంతమందికి జరిగింది అన్నదానికన్నా, జరిగినవారిలో ఎంతమంది స్టేషనుకు వెళ్లారు, వెళ్లినవారి చేతికి ఏ కాగితం వచ్చింది అన్నది తేల్చాలి. ఈ రెండో ప్రశ్నకు చిన్న నమూనా కూడా కొంత సమాధానం చెప్పగలదు.

సర్వే వచ్చేదాకా ఆగనక్కరలేని పని ఒకటుంది. డిసెంబరు నివేదికలో దొంగతనాల ఎఫ్‌ఐఆర్‌ల సంఖ్య పక్కనే, ఆ ఏడు పోయాయని రాసుకున్న ఫోన్ల సంఖ్య, సీఈఐఆర్‌లో ఎక్కించిన అభ్యర్థనల సంఖ్య, ఐదు వేలకు తక్కువ విలువ అని విడి పుస్తకంలో రాసుకున్న ఫిర్యాదుల సంఖ్య కూడా ప్రచురించాలి. ఇవన్నీ ఇప్పటికే శాఖ కంప్యూటర్లలో ఉన్న అంకెలే. ఎఫ్‌ఐఆర్‌లు తగ్గుతూ పోయిన ఫోన్లు పెరుగుతుంటే, నగరంలో నిజాయితీ పెరిగి మతిమరుపు పెరిగిందని ఎవరూ అనుకోరు.

పోయిన ఫోన్లన్నీ దొంగిలించినవి కావు, అది నిజమే. ఆటోలో మరిచినవీ, జేబులోంచి జారినవీ ఉంటాయి. మా చిన్నాన్న ఫోన్ సంగతి ఆయనకే నూటికి నూరు పాళ్లు తెలియదు. అయితే ఆ అనుమానం తీరే ఘట్టం ఒకటి ఉంది. సీఈఐఆర్ ద్వారా ఆచూకీ దొరికినప్పుడు ఆ ఫోన్ ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. ఎక్కడ కొన్నావు, ఎంతకు కొన్నావు, ఎవరు అమ్మారు అని అడిగితే, దారిలో దొరికిందో, ఎవరైనా కొట్టేసి అమ్మారో చాలాసార్లు అక్కడే తేలుతుంది. మన పోలీసులు రికవరీ మేళాలు పెట్టి ఫోన్లను సొంతదారులకు అప్పగిస్తున్నారు, అది ప్రజలకు ఎంతో మేలు చేస్తోంది. ఆ అప్పగింతకు ముందు, ఫోన్ పట్టుబడిన వ్యక్తి వాంగ్మూలంలో దొంగతనం బయటపడితే పాత ఫిర్యాదును అదే రోజు ఎఫ్‌ఐఆర్‌గా మార్చాలన్న ఒక్క ఆదేశం ఇస్తే చాలు. లలితా కుమారి తీర్పు ప్రకారం అది ఎలాగూ చేయవలసిన పనే, పైగా అప్పటికి వస్తువూ, సాక్షీ, అమ్మినవాడి ఆచూకీ కూడా చేతిలో ఉంటాయి కాబట్టి అది ఛేదించగల కేసు కూడా.